అయిదుగురు అయిదు రకాలుగా దిద్దిన డ్రాఫ్టును ఏం చేయాలి?

మీరు రాసిన డ్రాఫ్టు నలుగురైదుగురి చేతుల్లో పడి తిరిగొచ్చింది. ఒకరు సగానికి కుదించమన్నారు. ఇంకొకరు వివరాలు చాలలేదన్నారు. మరొకాయన ప్రతి వాక్యం చివరా ‘వచ్చు’ తగిలించారు. ఎవరినీ నొప్పించకుండా తలా కాస్త సర్దేస్తే పనైపోతుంది కదా అనిపిస్తుంది. అలా సర్దిన కాగితం ‘పాము చావకూడదు, కర్ర విరగకూడదు’ అన్నట్టు తయారవుతుంది. దిద్దినవాళ్ళు ఎవరూ పేచీ పెట్టరు, చదివినవాళ్ళకు మాత్రం ఏం చేయాలో తెలియదు.

ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న ఒక అపార్ట్‌మెంటు అనుకోండి. ఇన్నాళ్ళూ నీళ్ళ ఖర్చును ఫ్లాట్ చదరపు అడుగుల లెక్కన మెయింటెనెన్సులో కలిపి వసూలు చేశారు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల ఖర్చు మీదపడ్డాక, ఎవరు వాడినదానికి వాళ్ళే కట్టాలన్న మాట ఇలాంటి చాలా చోట్ల గట్టిగా లేచింది. మన ఉదాహరణలో మీటర్లు పెట్టేశారు. ఇక నివాసులకు నోటీసు వెళ్ళాలి, అది రాసే పని మీ మీద పడింది. ఉద్యోగంలో మాన్యువల్సు రాసేవాళ్ళకు సొసైటీలో ఈ పని తప్పదు, నాకూ తప్పలేదు. అసలు నోటీసు ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ వెళ్తుంది. ఇక్కడ మన సౌకర్యం కోసం వాక్యాలు తెలుగులో ఇస్తున్నాను.

డ్రాఫ్టు అయిదుగురు చూశారు: సెక్రటరీ, ట్రెజరర్, ఎస్టేట్ మేనేజరు, మూడో అంతస్తు లాయరు గారు, రిటైరైన టీచరమ్మ.

కామెంట్లు తెరవకముందే రెండు వాక్యాలు రాసుకోండి

ఈ కాగితం ఎవరు చదువుతారు, చదివి ఏం చేయగలగాలి? ఇది ఒక వాక్యం. అభిప్రాయాలు కుదరకపోతే చివరి మాట ఎవరిది? ఇది రెండోది. మన నోటీసుకు మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘ఫ్లాటులో ఉండేవాళ్ళు, అద్దెకున్నవాళ్ళతో సహా, వచ్చే నెల తమ నీళ్ళ బిల్లు సుమారు ఎంతవుతుందో తామే లెక్క వేసుకోగలగాలి.’ రెండోది: ‘విధానం గురించి చివరి మాట సెక్రటరీది, రాత గురించి నాది.’

రెండో వాక్యాన్ని డ్రాఫ్టు పంపేటప్పుడే అందరికీ చెప్పేయండి. అభిప్రాయాలు వచ్చాక చెబితే, ‘నా మాట పడేయడానికే ఈయన ఈ రూలు తెచ్చాడు’ అనుకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

చెప్పిన మందును పక్కన పెట్టి, జబ్బు ఏమిటో రాసుకోండి

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి దీనికి ఎక్కువ టైం ఇవ్వండి. అన్ని కామెంట్లనూ ఒక పట్టికలోకి దించండి. నాలుగు గడులు చాలు: ఏ పేరా గురించి, ఎవరు, ఏమన్నారు, చదువుతుంటే వాళ్ళకు ఏం ఇబ్బంది కలిగి ఉంటుంది. పేర్ల వరసలో కాకుండా పేరాల వరసలో పెట్టుకోవాలి. మనిషి వరసలో పెడితే ‘ట్రెజరర్ వెర్సస్ సెక్రటరీ’ అన్న తగాదా కనిపిస్తుంది, పేరా వరసలో పెడితే డ్రాఫ్టులో పగులు ఎక్కడుందో కనిపిస్తుంది.

మన నోటీసులో రెండో పేరా ఇలా ఉందనుకోండి: ‘నెలవారీ మొత్తం నీటి వ్యయాన్ని మొత్తం వినియోగంతో భాగించగా వచ్చిన సగటు ఆధారంగా రెండు శ్లాబులుగా రేటు నిర్ణయించబడింది. 12 కిలోలీటర్ల వరకు కిలోలీటరుకు 70 రూపాయలు, ఆపైన 120 రూపాయలు.’ దీని మీద వచ్చిన మాటలివి.

సెక్రటరీ: ‘అంకెలు తీసేయండి. వాట్సాప్ గ్రూపులో అందరూ వాటి మీదే పడతారు.’

ట్రెజరర్: ‘ఈ 70, ఈ 120 ఎలా వచ్చాయో చూపించాలి. కావేరి నీళ్ళ బిల్లు, ట్యాంకర్లు, బోరు మోటారు కరెంటు, మొత్తం లెక్క ఇక్కడే పెట్టండి.’

టీచరమ్మ: ‘చదివాను బాబూ. మా ఇద్దరికీ ఎక్కువవుతుందా, తక్కువవుతుందా?’

పైకి చూస్తే ఒకరు తీయమంటున్నారు, ఒకరు పెంచమంటున్నారు, ఒకరు అడుగుతున్నారు. వీళ్ళ మధ్య రాజీ కుదర్చాలని కూర్చుంటే సగం లెక్క పెట్టి సగం వదిలేస్తారు. దాంతో అనుమానమూ తీరదు, పేరా కూడా కుదించినట్టు ఉండదు.

నాలుగో గడి నింపి చూడండి. గ్రూపులో జనం అంకెల మీద ఎందుకు పడతారు? తమ ఇంటికి ఎంత పడుతుందో ఆ అంకెల్లోంచి తేలడం లేదు కాబట్టి. ట్రెజరర్ మొత్తం లెక్క ఎందుకు పెట్టమంటున్నారు? ‘ఎంత పడుతుంది, ఎందుకు పడుతుంది’ అని రేపు ఆఫీసు దగ్గర ఆయన్నే నిలదీస్తారు కాబట్టి. టీచరమ్మ అయితే అదే ప్రశ్నను సూటిగా అడిగారు. ముగ్గురూ పట్టుకున్నది ఒకే లోపం: ఈ పేరా చదివి ఎవరూ తమ బిల్లు ఎంతో లెక్క వేసుకోలేరు. మందు విషయంలోనే ముగ్గురూ మూడు దారులు పట్టారు.

జబ్బు తెలిశాక మందు మీరు చూసుకోవచ్చు. అది ముగ్గురిలో ఎవరూ చెప్పనిది కావచ్చు. ఇక్కడ నేనైతే సూత్రం తీసేసి, ఒక ఇంటి బిల్లు మొత్తం వేసి చూపిస్తాను. మన దేశంలో నగరాల నీటి సరఫరాకు తలా రోజుకు 135 లీటర్లు అనే ప్రమాణం వాడుకలో ఉంది. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో రోజుకు 540 లీటర్లు, నెలకు దాదాపు 16 కిలోలీటర్లు. ఇక పేరా ఇలా మారుతుంది:

‘కిలోలీటరంటే 1000 లీటర్లు. నెలకు మొదటి 12 కిలోలీటర్లకు ఒక్కోదానికి 70 రూపాయలు, ఆపైన వాడిన ప్రతి కిలోలీటరుకు 120 రూపాయలు. ఉదాహరణకు నలుగురున్న ఇంట్లో నెలకు 16 కిలోలీటర్లు వాడితే, మొదటి 12కి 840, మిగతా 4కి 480, మొత్తం 1320 రూపాయలు.’

ట్రెజరర్ అడిగిన పూర్తి లెక్క వేరే పేజీగా ఆఫీసు నోటీసు బోర్డు మీద ఉంటుంది. నోటీసులో దాని గురించి ఒక వాక్యం చాలు. సెక్రటరీ భయపడ్డ అంకెలు ఇందులో ఉన్నాయి, నిజమే. కానీ వాటి మీద పడి అడగాల్సిన ప్రశ్నకు జవాబు పక్కనే ఉంది.

వేరే పేజీకి పంపడం అనే ఈ ఉపాయాన్ని మరీ అలవాటు చేసుకోవద్దు. ఒక నోటీసు, మూడు అనుబంధాలు, ఒక ప్రశ్నల పత్రం అయ్యాయంటే తేల్చుకోవాల్సినదాన్ని మీరు కాగితాల్లో దాచినట్టే. బిల్లు కట్టడానికి నివాసికి పనికొచ్చేది మాత్రమే నోటీసులో ఉండాలి. అడిగినవాళ్ళకు చూపించడానికి పనికొచ్చేది బోర్డు మీద పెట్టండి. ఈ రెండింటిలో దేనికీ పనికిరాని దానికి మూడో చోటు వెతకనక్కర్లేదు.

ఏ తగాదా ఏ రకమో తేల్చుకోండి

మందులు పక్కన పెట్టాక కూడా కొన్ని నిజమైన విభేదాలు మిగులుతాయి. అవన్నీ ఒకే రకం కావు, ఒకే చోట తేలవు కూడా.

కొన్ని నిజానిజాల తగాదాలు. ట్రెజరర్ ‘ప్రతి నెలా 1వ తేదీన రీడింగు’ అని దిద్దారు, ఎస్టేట్ మేనేజరు ‘25వ తేదీ’ అని. ఇందులో అభిప్రాయానికి చోటు లేదు. రీడింగు తీసే ప్లంబరును వెళ్ళి అడగండి. ఇలాంటి పాత అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాటుకు వంటగదికి ఒకటి, ఒక్కో బాత్రూముకు ఒకటి చొప్పున నాలుగైదు పైపులు విడివిడిగా వస్తాయి. అంటే ఒక ఇంటికే నాలుగైదు మీటర్లు. అన్నీ చూసి, కూడి, బిల్లు తయారుచేయడానికి అయిదారు రోజులు పడుతుందని ప్లంబరు చెబుతాడు. అప్పుడు ఇద్దరూ సగం సగం రైటని తెలుస్తుంది: రీడింగు 25న, బిల్లు 1న. ఈ రెండు తేదీలనూ కలిపి ‘నెలాఖరులో రీడింగు తీసి బిల్లు ఇవ్వబడుతుంది’ అని రాస్తే గొడవ చల్లారుతుంది, సమాచారం పోతుంది.

కొన్ని అభిరుచి తగాదాలు. ‘విజ్ఞప్తి’ అనాలా ‘మనవి’ అనాలా, బుల్లెట్లు పెట్టాలా వద్దా. వీటిని రాసేవాళ్ళు ఒక నిమిషంలో తేల్చేయాలి. ఎవరినీ సంప్రదించొద్దు. సంప్రదిస్తే అవి కూడా విధాన నిర్ణయాలైపోతాయి.

అన్నిటికంటే చిక్కైనది ఉద్దేశం తగాదా. మొదటి పేరాలో ‘మీటరు ప్రకారం బిల్లు వేస్తాం’ అని మీరు రాస్తే, లాయరు గారు ‘వేయబడవచ్చు, మార్పులకు లోబడి’ అని దిద్దారు. ట్రెజరర్ దాన్ని కొట్టేసి ‘తప్పనిసరిగా వేస్తాం’ అన్నారు. ఇది చూడ్డానికి ఒక క్రియాపదం తగాదా. నిజానికి వాళ్ళిద్దరూ రెండు వేరు వేరు నోటీసులను మనసులో పెట్టుకుని దిద్దుతున్నారు. ఒకరి దృష్టిలో ఇది ప్రతిపాదన, ఇంకొకరి దృష్టిలో నిర్ణయం. రాసేవాడు ఎంత తెలివిగా వాక్యం కట్టినా ఇది తేలదు. సెక్రటరీకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగాలి: ‘సర్, మీటరు బిల్లింగు జనరల్ బాడీలో పాసైందా, ఇంకా లేదా?’ పాసైంది, రేటును మాత్రం ఆరు నెలలకోసారి కమిటీ సవరించుకోవచ్చని తీర్మానంలో ఉంది అంటారు. అప్పుడు లాయరు గారి ‘వచ్చు’ ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. మారేది రేటు మాత్రమే, ఆయన దాన్ని పేరా మొత్తానికీ పూశారు. ఖాయమైనది ఖాయంగా, మారేది మారేదిగా వేరు వేరు వాక్యాల్లో పెట్టండి:

‘ఇకపై నీళ్ళ బిల్లు మీటరు ప్రకారమే. ఆగస్టు 25న తీసే రీడింగు నుంచి లెక్క మొదలవుతుంది, మొదటి బిల్లు అక్టోబరు 1న వస్తుంది. కిలోలీటరు రేటును కమిటీ ఆరు నెలలకోసారి సమీక్షిస్తుంది.’

ఇలాంటి ఉద్దేశం తగాదాలను అన్నిటికంటే ముందు తేల్చండి. అది తేలకుండా మిగతా కామెంట్ల జోలికి వెళ్ళొద్దు, వాటిలో సగం తమంతట తామే రాలిపోతాయి. ప్రతిపాదన కాదని తేలిన క్షణంలో ‘అభ్యంతరాలుంటే వారంలోగా తెలపండి’ అని ఎవరో చేర్చిన పేరాకు పని ఉండదు.

ఓట్లు లెక్కపెట్టొద్దు

అయిదుగురిలో ముగ్గురు అన్నారు కాబట్టి అదే రైటు అనుకోవడం సులువు. కానీ ముగ్గురు ఒకే మాట అనడానికి కారణం, ముగ్గురూ ఫ్లాటు ఓనర్లు కావడం కావచ్చు. మన ఉదాహరణలో ఒక్క టీచరమ్మే పక్కన చిన్నగా రాశారు: ‘అద్దెకున్నవాళ్ళు కట్టాలా, ఓనరా?’ మిగతా నలుగురికీ ఆ ప్రశ్న తట్టలేదు. బెంగళూరులో ఇలాంటి అపార్ట్‌మెంట్లలో అద్దెకుండేవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళకు నోటీసులో అన్నిటికంటే ముందు కావలసింది అదే. ఒక్కరే చెప్పినా దాన్ని పైకి తేవాలి.

ఇలాంటి ప్రశ్నకు జవాబు లాయరు గారి దగ్గర అడగండి, ఆయన అసలు బలం అక్కడుంది. ‘బిల్లు ఫ్లాటు పేరు మీద వస్తుంది. ఓనరు, అద్దెదారు ఎవరు కట్టాలన్నది వాళ్ళ అగ్రిమెంటు ప్రకారం. బకాయి పడితే సొసైటీ ఓనరునే అడుగుతుంది’ అని సొసైటీ నిబంధనలు చూసి ఆయన చెబితే, అది ఉన్నదున్నట్టు వేసుకోండి. ఎవరి రంగంలో వాళ్ళ మాట ఎక్కువ. అదే లాయరు గారు ‘బుల్లెట్లు బాలేదు’ అంటే అది ఒక నివాసి అభిప్రాయం, అంతే.

దిద్దుబాట్లను ఒక్కొక్కటే ఒప్పుకుంటూ పోవద్దు

గూగుల్ డాక్స్‌లో `Suggesting` మోడ్‌లో అందరూ దిద్ది ఉంటారు. పక్కనున్న టిక్కు నొక్కుకుంటూ పోతే పది నిమిషాల్లో పనైపోయినట్టు ఉంటుంది. కానీ ఆ కాగితంలో అయిదుగురి గొంతులు వినిపిస్తాయి. ముందు `Version history`లోకి వెళ్ళి ఆ ప్రతికి ఒక పేరు పెట్టి భద్రం చేయండి. తర్వాత కొత్త పేజీ తెరవండి. ఎదురుగా పాత డ్రాఫ్టు గానీ కామెంట్లు గానీ ఉండకూడదు, మీరు తేల్చుకున్న నిర్ణయాల చీటీ ఒక్కటే ఉండాలి. మనకది ఇలా ఉంటుంది: ఇది నిర్ణయం. రీడింగు 25, బిల్లు 1. ఒక ఇంటి బిల్లు ఉదాహరణ. బాధ్యత ఓనరుది. లెక్క బోర్డు మీద. దాన్ని చూస్తూ మొదటినుంచీ మళ్ళీ రాయండి. ఒక పేజీ నోటీసుకు గంట కూడా పట్టదు. నలభై పేజీల రిపోర్టయితే మొత్తం రాయలేరు, తగాదా పడిన విభాగాల వరకైనా ఇలా రాయండి.

రాశాక పట్టిక తెరిచి, నాలుగో గడిలోని ప్రతి ఇబ్బందికీ కొత్త ప్రతిలో జవాబుందో లేదో చూసుకోండి. మూడో గడితో, అంటే వాళ్ళు చెప్పిన మందుతో, పోల్చి చూడొద్దు.

రాజీ కాగితం తయారైందేమో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఈ వాక్యం చూడండి:

‘సాధ్యమైనంతవరకు పారదర్శకంగా ఉండేలా, మార్పులకు లోబడి, నెలాఖరు రీడింగుల ఆధారంగా, తగిన శ్లాబుల ప్రకారం నీటి బిల్లు వేయబడవచ్చు.’

‘పారదర్శకంగా’ ట్రెజరర్‌ది. ‘మార్పులకు లోబడి’ లాయరు గారిది. ‘నెలాఖరు’ తేదీల తగాదాలో పుట్టింది. ‘తగిన’ సెక్రటరీ కోసం అంకెలు తీసేసిన చోట మిగిలిన మచ్చ. ఒక వాక్యంలో ప్రతి ముక్కకూ ఒక మనిషి పేరు చెప్పగలిగారంటే ఆ వాక్యాన్ని కొట్టేయండి. ‘తగిన, సాధ్యమైనంత, అవసరమైన మేరకు, సుమారుగా’ లాంటి మాటలు దగ్గర దగ్గరగా కనిపిస్తే అక్కడ ఏదో తేలకుండా మిగిలిందని అర్థం.

ఎవరి మాట తీసుకోలేదో వాళ్ళకు ముందే చెప్పండి

కొత్త ప్రతితో పాటు అందరికీ ఒకే మెసేజ్ పెట్టండి. ఏం మారింది, ఏది తీసుకోలేదు, ఎందుకు. విడివిడిగా చెబితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాల్సొస్తుంది, సాయంత్రానికి అవి వాళ్ళలో వాళ్ళే పోల్చుకుంటారు. అయితే బాగా పట్టుబట్టిన మనిషికి మాత్రం గ్రూపులో పెట్టకముందే ఒక మాట చెప్పడం మర్యాద. ట్రెజరర్ గారికైతే ఇలా:

‘సర్, రేటు ఎలా వచ్చిందన్న మీ పట్టిక మొత్తం నోటీసు బోర్డు మీద పెడుతున్నాం. నోటీసులో మాత్రం ఒక ఇంటి బిల్లే చూపించాను. చదివేవాళ్ళు ముందు తమ బిల్లెంతో చూసుకుంటారు, ఎందుకంత అన్నది తర్వాత అడుగుతారు. 16 కిలోలీటర్లకు 1320 సరిపోయిందో లేదో ఒకసారి చూస్తారా?’

చివరి ప్రశ్న గమనించండి. రెండో విడతలో ‘ఎలా ఉందో చెప్పండి’ అని మళ్ళీ అడిగితే మళ్ళీ అయిదు రకాల మాటలొస్తాయి. ఒక్కొక్కరికి వాళ్ళ రంగంలో ఒకే ప్రశ్న వేయండి. ట్రెజరర్‌కు అంకెలు, మేనేజరుకు తేదీలు, లాయరు గారికి బాధ్యత వాక్యం. గడువు కూడా చెప్పండి: ‘గురువారం సాయంత్రంలోగా. ఆ తర్వాత ప్రింటుకు వెళ్తుంది.’ ఈ దశలో ఎవరైనా ‘అసలు మీటర్లే వద్దు’ అని మొదటికొస్తే మీరు వాదనలోకి దిగొద్దు. అది సెక్రటరీ దగ్గర తేలాల్సిన సంగతి, అక్కడికి పంపేయండి.

సెక్రటరీయే నిన్న ఒకటి, ఇవాళ ఒకటి చెబితే? పై పద్ధతి అంతా అక్కడ ఆగిపోతుంది, దానికి రాతలో మందు లేదు. రెండు వాక్యాలూ కాగితం మీద పక్కపక్కన రాసి, ‘సర్, వీటిలో ఏది?’ అని అడిగి, జవాబు మెసేజ్‌లో తీసుకోండి. నోటి మాట చాలదు.

పంపే ముందు బయటివాళ్ళకు ఒకసారి చూపించండి

అయిదుగురూ ఇప్పటికే డ్రాఫ్టు చాలాసార్లు చదివేశారు. అందులో లేనిది కూడా వాళ్ళకు కనిపిస్తుంది. ఇంతవరకూ చూడని ఒకరికి, వీలైతే అద్దెకుండే వాళ్ళకు, కాగితం ఇచ్చి చదవమనండి. ‘అర్థమైందా’ అని అడగొద్దు, ఎవరైనా అయిందనే అంటారు. ‘మీ ఇంట్లో నెలకు 20 కిలోలీటర్లు వాడితే ఎంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి?’ అని అడగండి. 1800 అని, అక్టోబరు 1న వచ్చే బిల్లుతో మొదలని చెప్పగలిగితే ప్రింటుకు ఇచ్చేయండి. 2400 అన్నారంటే మొత్తం 20కీ 120 చొప్పున వేశారన్నమాట. అప్పుడు ‘ఆపైన వాడిన’ అన్న చోట ‘12 దాటి వాడిన వాటికి మాత్రమే’ అని మార్చి, ఇంకొకరికి చూపించండి. ఈ మార్పు కోసం మళ్ళీ అయిదుగురినీ కూర్చోబెట్టక్కర్లేదు.